పేరా చదివి జవాబులు రాయమంటే పిల్లాడు అంతా సొంత మాటల్లో రాశాడు, ఫొటోలో దిద్దాలి, మార్కులు ఎలా వేయాలి?

పటమట_సుజాత · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విజయవాడ పటమటలో ఇంటి దగ్గర ట్యూషన్ చెప్తానండి, ఆరూ ఏడూ తరగతుల పిల్లలు. వారానికోసారి తెలుగు వర్క్‌షీట్ ఇచ్చి పంపిస్తా, వాళ్ళు ఇంట్లో రాసి అమ్మ ఫోన్లోంచి ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, నేను పనులయ్యాక కూర్చుని దిద్దుతా. ఈసారి ఒక చిక్కు వచ్చింది. పేరా మొత్తం ఇక్కడే టైప్ చేస్తున్నా, చూసి చెప్పండి.

"కొండపల్లి బొమ్మలను తెల్లపొణికి చెక్కతో తయారు చేస్తారు. ఈ చెక్క తేలికగా, మెత్తగా ఉంటుంది. కొట్టి తెచ్చిన చెక్కలో తేమ ఉంటుంది. తేమ పోయేదాకా దానిని నిదానంగా వేడి చేస్తారు. తరువాత బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. ఆరిన తరువాత నునుపు చేసి రంగులు వేస్తారు. ఈ చెట్లు దగ్గరలోని కొండల్లో పెరుగుతాయి. చెక్క దొరకడం కష్టమవుతున్నందున కొందరు కళాకారులు ఈ పని మానేశారు."

ప్రశ్నలు నాలుగు. ఏ చెక్క వాడతారు (1 మార్కు), చెక్కను ఎందుకు వేడి చేస్తారు (2), మక్కు దేనితో చేస్తారు (2), కొందరు కళాకారులు పని ఎందుకు మానేశారు (2). మొత్తం 7.

ఒక బాబు ఇలా రాశాడు, ఉన్నది ఉన్నట్టు:

1. తెల్లపొణికి
2. పచ్చి చెక్కలో తడి ఉంటది కదా అది ఆరిపోడానికి మెల్లగా సెగ పెడతారు
3. చింతగింజలు పొడి కొట్టి రంపం పొట్టులో కలుపుతారు అదే జిగురు
4. కొండల్లో చెట్లు అయిపోయాయి అందుకని బొమ్మలు చేసేవాళ్ళందరూ పని ఆపేశారు

ఇంకో పాప పేరాలో వాక్యాలు దించేసింది. రెండోదానికి "తేమ పోయేదాకా దానిని నిదానంగా వేడి చేస్తారు" అని, నాలుగోదానికి చివరి రెండు వాక్యాలూ కలిపి. షీట్‌తో పాటు వచ్చిన కీలో కూడా అవే వాక్యాలున్నాయి కాబట్టి కీ ప్రకారం పాపకి 7కి 7. బాబు జవాబులు మొదటిది తప్ప కీతో ఒక్కటి కూడా కలవట్లేదు కానీ చదువుతుంటే వాడికే ఎక్కువ అర్థమైనట్టు అనిపిస్తోంది. అలా అనిపించింది కదా అని మార్కులు వేసేస్తే రేపు పాప వాళ్ళమ్మ అడిగితే ఏం చెప్పాలి? ఒక పద్ధతి ఉంటే చెప్పండి.

గుంటూరు_కిరణ్ · 9:31

ఇందులో పెద్ద కష్టమేముందండి, కీలో ముఖ్యమైన మాటలు అండర్‌లైన్ చేసుకోండి. రెండో ప్రశ్నకి తేమ, వేడి. నాలుగోదానికి చెక్క, దొరకడం, కష్టం. పిల్లాడి జవాబులో ఆ మాటలుంటే మార్కు, లేకపోతే లేదు. మా అబ్బాయికి నేను ఇలాగే దిద్దుతా, పది నిమిషాల పని, ఎవరు అడిగినా చూపించడానికి లెక్క ఉంటుంది. మీకు ఎలా అనిపించింది అన్నదానికి లెక్క ఉండదు.

సత్తెనపల్లి_రాము · 9:40

ఫొటోలు పెట్టించుకుంటే కాపీ కొట్టక ఏం చేస్తారు మేడం, గ్రూపులో ఒకడు పెడితే మిగతావాళ్ళు చూసి రాసేస్తారు. గ్రూపులో కాకుండా మీకు విడిగా పంపమనండి, సమస్య పోద్ది.

పటమట_సుజాత · 9:44

రాముగారూ ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాయడం గురించి కాదండి నేను అడిగింది, పేరాలోంచే దించడం గురించి. నాకు విడివిడిగానే పంపుతారు.

బ్రాడీపేట_మాస్టారు · 10:05

సుజాతమ్మా, ముప్పై ఏళ్ళ పైన తెలుగు చెప్పి రిటైరయ్యాను, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి కూడా చాలాసార్లు వెళ్ళాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు కిరణ్ గారి మాట. తేమ, వేడి అనే రెండు మాటలు ఉంటే మార్కు అన్నారు. ఒక పిల్లాడు "తేమ రావడానికి వేడి చేస్తారు" అని రాశాడనుకోండి, రెండు మాటలూ ఉన్నాయి, మీ లెక్కలో 2కి 2. అర్థం చూస్తే తలకిందులు. సుజాతమ్మ బాబు జవాబులో తేమ లేదు, వేడీ లేదు, తడి ఉంది, సెగ ఉంది. మీ లెక్కలో సున్న. ఆ పేపర్లన్నిట్లో ఆ ప్రశ్నకి అంత తిన్నగా జవాబు రాసినవాడు వాడే. తప్పు రాసినవాడికి నిండా ఇచ్చి రైటు రాసినవాడికి సున్నా వేసే లెక్క ఎవరికి చూపిస్తారు చెప్పండి.

అయితే కిరణ్ గారిది మొత్తానికి కొట్టిపారేసేది కూడా కాదు. మొదటి ప్రశ్నకి మాట పట్టుకుని చూడాల్సిందే, తెల్లపొణికి అనే రాయాలి, "మెత్తటి చెక్క" అంటే కుదరదు. మూడోదాంట్లో చింతగింజలు, పొట్టు రెండూ కనపడాలి. పేర్లు, వస్తువులు, అంకెలు అడిగినచోట మాటలు వెతకొచ్చు. ఎందుకు, ఎలా అని అడిగినచోట సంగతి వెతకాలి.

ఇక పద్ధతి. పిల్లల ఫొటోలు తెరవక ముందే, కీ కూడా పక్కన పెట్టేసి, ప్రశ్న చదివి ఈ జవాబులో ఏ సంగతులు ఉండాలో మీ మాటల్లో ఒక కాగితం మీద రాసుకోండి. రెండో ప్రశ్నకి రెండు సంగతులు: చెక్కలో తేమ ఉంది, అది పోవాలి. ఒక్కోదానికి ఒక మార్కు. "నిదానంగా" అన్నది ఎలా చేస్తారు అంటే కావాలి, ఎందుకు అంటే అక్కర్లేదు, కాబట్టి దానికి మార్కూ లేదు, రాయకపోతే కోతా లేదు. ఇప్పుడు బాబు జవాబు పెట్టి చూడండి. పచ్చి చెక్కలో తడి ఉంటది, ఒకటి. అది ఆరిపోడానికి, రెండు. 2కి 2. ఉంటది అన్నాడు, సెగ అన్నాడు, అది ఇంట్లో మాట, పుస్తకం భాషలో రాయలేదని అవగాహన ప్రశ్నలో కోయకూడదు.

ఇంకో సంగతి గమనించారా? పేరాలో "ఎందుకంటే" అన్న మాటే లేదు. తేమ ఉంటుంది అని ఒక వాక్యం, తేమ పోయేదాకా వేడి చేస్తారు అని ఇంకో వాక్యం. ఆ రెంటినీ కలిపి కారణం చేసుకున్నది బాబు. పాప రెండో వాక్యాన్ని ఎత్తి పెట్టింది, అందులో "దానిని" అంటే దేన్ని? పేరా చూడనివాళ్ళకి తెలియదు. అయినా ప్రశ్నలోనే చెక్క అని ఉంది కాబట్టి ఆ పాపకి కూడా మార్కు ఇవ్వాల్సిందే, కాకపోతే ఆ జవాబు చూసి పాపకి అర్థమైందో లేదో మనకి తెలియదు. దించిన జవాబుతో వచ్చే ఇబ్బంది అదే, తప్పు కాదు, అలాగని రుజువూ కాదు.

మంగళగిరి_పద్మ · 10:22

మాస్టారూ మీరు చెప్పింది చదువుతుంటే కడుపు మండిపోతోందండి. మా అమ్మాయి ఏడో తరగతి, ప్రైవేటు స్కూలు, పేరు ఎందుకులెండి. అచ్చం ఇలాగే సొంతంగా రాస్తుంది, ప్రతిసారీ ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి పక్కన కీలో వాక్యం రాసి పంపుతారు. ఇప్పుడు పిల్ల ఏం చేస్తోందంటే చదవడం మానేసి ప్రశ్నలో మాట ఏదుందో చూసి, పేరాలో ఆ మాట ఎక్కడుందో వెతికి ఆ లైను రాసేస్తోంది. మార్కులు వస్తున్నాయి. ఏం చదివావే అంటే చెప్పలేదు. టీచర్ని అడిగితే కీ ప్రకారం దిద్దమన్నారండి అంటారు. ఎలా అడగాలి వాళ్ళని?

గుంటూరు_కిరణ్ · 10:30

మాస్టారూ తేమ రావడానికి అన్న ఉదాహరణ బాగా పట్టుకున్నారు, ఒప్పుకుంటున్నా. కానీ నలభై పేపర్లు దిద్దే టీచరు ప్రతి జవాబు దగ్గరా ఆగి ఆలోచిస్తూ కూర్చుంటే అవుద్దా? ఇంకోటి, రాత్రి మొదటి పేపరు దగ్గరున్న ఓపిక నలభయ్యో పేపరు దగ్గర ఉండదు, అప్పుడు మాటకి మాట చూసే పద్ధతే న్యాయం కదా, కనీసం అందరికీ ఒకటే.

తెనాలి_సరిత_టీచర్ · 10:48

నేను హైస్కూల్లో తెలుగే చెప్తానండి, కిరణ్ గారు అడిగింది నిజమైన కష్టం. నేను చేసేది ఏంటంటే పేపరు తర్వాత పేపరు దిద్దను, ప్రశ్న తర్వాత ప్రశ్న దిద్దుతా. అందరి ఫొటోల్లో రెండో ప్రశ్న మాత్రమే వరసగా చూసేస్తా, అది అయ్యాక మళ్ళీ మొదటి ఫొటో నుంచి మూడోది. అప్పుడు బుర్రలో ఒకే ప్రశ్న ఉంటది, "సెగ పెడతారు"కి ఎంత వేశానో పది పేపర్ల తర్వాత "కాల్చి ఆరబెడతారు" వచ్చినప్పుడు గుర్తుంటది, ఇద్దరికీ తేడా రాదు. కొత్తరకం జవాబు ఏదన్నా వస్తే మాస్టారు చెప్పిన ఆ కాగితం మీదే రాసి ఎంత వేశానో పక్కన రాసుకుంటా. ఫొటోల్లో ముందుకీ వెనక్కీ జరపడం చిరాకే, కానీ అలవాటైతే ఇదే తొందరగా అవుద్ది.

పద్మగారూ, స్కూల్లో మీరు మార్కు గురించి అడగొద్దు, గొడవలా వినపడద్ది. ఒక్క జవాబు తీసుకెళ్ళి "ఇందులో పేరాకి విరుద్ధంగా ఏముందో చూపించండి మేడం, ఇంట్లో సరిచేయిస్తా" అనండి. ఏమీ చూపించలేకపోతే వాళ్ళకే తెలుస్తది.

సుజాతగారూ మీ నాలుగో ప్రశ్న గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? నాకు అసలు చిక్కు అదే. "చెట్లు అయిపోయాయి, అందరూ ఆపేశారు." పేరాలో కొందరు అని ఉంది. దొరకడం కష్టం అని ఉంది, అయిపోయాయి అని లేదు. నేనైతే 2కి సున్నా వేస్తా. సొంత మాటల్లో రాయొచ్చు కానీ సంగతి మార్చకూడదు. పిల్లలు మాట మార్చేటప్పుడు ఎక్కువగా జారేది ఇక్కడే, కొందరు కాస్తా అందరూ, ఎక్కువగా కాస్తా ఎప్పుడూ, కావచ్చు కాస్తా అయింది.

బ్రాడీపేట_మాస్టారు · 11:10

సరితమ్మా, జారుడు గురించి చెప్పింది అక్షరాలా నిజం. సున్నా దగ్గర మాత్రం ఒప్పుకోను.

ప్రశ్న ఏమిటి? కొందరు పని ఎందుకు మానేశారు అని. ఎంతమంది మానేశారు అని కాదు. కొందరు అన్న సంగతి ప్రశ్నే ఇచ్చేసింది. కాబట్టి "అందరూ" అని రాయడం తప్పే గానీ అది అడిగిన సంగతిలో తప్పు కాదు, దాని కింద గీత గీసి "కొందరు" అని పక్కన రాసి చూపించండి, మార్కు తీయొద్దు. అడిగింది కారణం. కారణంలో రెండు ముక్కలు: ఇబ్బంది చెక్కతోనే, అది దొరకడం కష్టమవుతోంది. మొదటి ముక్క బాబు పట్టుకున్నాడు, చెట్ల వల్లే అన్నాడు, డబ్బుల వల్లో ఆరోగ్యం వల్లో అనలేదు. రెండో ముక్కలో అయిపోయాయి అన్నాడు, అది పేరా కంటే ఎక్కువ. ఒకటి ఇచ్చి ఒకటి తీస్తాను.

తెనాలి_సరిత_టీచర్ · 11:18

మీరు పెద్దవారు, మీతో వాదించను గానీ మాస్టారూ ఒక్కటి, పేరా చదవనివాడికి ఆ జవాబు చూపిస్తే వాడికి ఏం అర్థమవుద్ది? కొండపల్లిలో ఇప్పుడు బొమ్మలు చేసేవాళ్ళు ఒక్కళ్ళూ లేరు అని. అది పేరా చెప్పని అబద్ధం కదా. అలాంటి జవాబుకి సగం మార్కు ఎలా?

బ్రాడీపేట_మాస్టారు · 11:24

ఆ పరీక్ష నేనూ పెడతాను, కాకపోతే ప్రశ్నతో కలిపి చూపించి పెడతాను. రేపు మాట్లాడుకుందాం, కళ్ళజోడు తీసేశాను.

ఇబ్రహీంపట్నం_వెంకట్ · సోమవారం ఉదయం 7:02

మాది కొండపల్లి పక్కనేనండి, మా మేనమామ బొమ్మల పనే చేసేవాడు. పేరాలో ఒకటి వదిలేశారు, రంగు వేసేముందు తెల్లగా సుద్ద పూస్తారు. అది సరే, నా డౌటు వేరే. మా మామ కొడుకు ఈ ప్రశ్న రాస్తే ఏం రాస్తాడో నాకు తెలుసు: "తడి చెక్కతో చేస్తే తర్వాత ఆరేటప్పుడు బొమ్మ బీటలు ఇస్తుంది అందుకే వేడి చేస్తారు". వాడు చెప్పింది నిజం, చెక్క పని తెలిసినవాళ్ళెవరైనా అదే చెప్తారు. కానీ బీటలు అన్నది పేరాలో లేదు. వాడికి ఎంత వేస్తారు?

గుంటూరు_కిరణ్ · 7:40

ఇదిగో ఇక్కడ నా పద్ధతి గెలిచింది 😀 పేరాలో లేదు కాబట్టి లేదు.

తెనాలి_సరిత_టీచర్ · 1:15

వెంకట్ గారూ మీ మామగారి అబ్బాయి జవాబులో "తడి చెక్క", "ఆరేటప్పుడు" ఉన్నాయి కాబట్టి తేమ ఉంది, పోవాలి అన్న రెండు సంగతులూ లోపలే దాక్కుని ఉన్నాయి, నేను 2 ఇచ్చేస్తా. అదే "బొమ్మ బీటలివ్వకుండా ఉండడానికి" అని అంతటితో ఆపితే ఇవ్వను, ఎందుకంటే అది పేరా చదవకుండానే రాయొచ్చు. నిజమా కాదా అన్నది కాదు ఇక్కడ, పేరా చదివాడా లేదా అన్నది. సొంత మాటలు వేరు, సొంత సంగతులు వేరు.

ఇబ్రహీంపట్నం_వెంకట్ · 1:32

అంతటితో ఆపినా, పేరా చదివాడు కాబట్టే వేడి చేస్తారని తెలిసి, ఇంట్లో చూసింది దానికి కలుపుకుని కారణం రాశాడు అనుకోవచ్చుగా? తెలిసినవాడికి సున్నా, తెలియకుండా దించినవాడికి రెండు అంటే నాకు మనసొప్పట్లేదు టీచర్‌గారూ.

పటమట_సుజాత · 2:10

చాలా థాంక్స్ అందరికీ. రాత్రి మాస్టారు చెప్పినట్టు కాగితం మీద సంగతులు రాసుకుని, సరితగారు చెప్పినట్టు రెండో ప్రశ్న ఒక్కటే అందరివీ చూశా. అందులో ఒక జవాబు "చెక్క మెత్తబడడానికి వేడి చేస్తారు". సొంత వాక్యమే, చూడ్డానికి బాగుంది, మెత్తగా అన్న మాట కూడా పేరాలోదే. కాగితం లేకపోతే మార్కు వేసేసేదాన్నేమో, సంగతులతో పోల్చితే ఒక్కటీ లేదు, చెక్క మామూలుగానే మెత్తగా ఉంటుంది అని కదా పేరా అంది. సున్నా.

ఇప్పుడు ఇంకో తలనొప్పి. ఒకమ్మాయి ఫొటో పక్కకి వంగిపోయి కుడివైపు అంచు తెగిపోయింది, పైగా పెన్సిల్. ఆ అమ్మాయి ఎప్పుడూ సొంతంగానే రాస్తుంది. దించి రాసేవాళ్ళదైతే తెగిపోయిన ముక్క పేరా చూసి పూరించుకోవచ్చు, ఈ అమ్మాయి ఏం రాసి ఉంటుందో ఎలా ఊహించను?

తెనాలి_సరిత_టీచర్ · 2:38

ఊహించొద్దు! కరోనా టైంలో ఆన్‌లైన్ క్లాసులప్పుడు ఫొటోలు దిద్ది దిద్ది కళ్ళు పోయాయి కాబట్టి చెప్తున్నా. తెలుగులో మన క్రియ వాక్యం చివర వస్తుంది, అవునూ కాదూ తేలేది అక్కడే. కుడి అంచు తెగితే చాలాసార్లు ఆ ముక్కే పోతుంది. "చెక్కను ఒకేసారి బాగా వేడి చేయ" దగ్గర ఫొటో ఆగిపోయింది, తర్వాత చేయాలా, చేయకూడదా? పిల్ల తెలివైనది కదా అని చేయకూడదు అనుకుని మార్కు వేసేస్తాం, అదే వెనకబడ్డ పిల్లాడైతే చేయాలి అనుకుంటాం. అది పిల్లకి వేసిన మార్కు కాదు, మన అభిప్రాయానికి వేసుకున్న మార్కు.

పెన్సిల్ సంగతి ఇంకా ఘోరం. ఒకసారి నా దగ్గరకి వచ్చిన ఫొటోలో "ఎండని చెక్క పనికిరాదు" అని ఉందో "ఎండిన చెక్క పనికిరాదు" అని ఉందో తెలియలేదు, గుడి డకారం మీదుందా నకారం మీదుందా అన్నది మసకలో కలిసిపోయింది. ఒకటి రైటు, ఒకటి పూర్తిగా వ్యతిరేకం. దించి రాసిన జవాబైతే పేరాలో ఏ మాటుందో చూసి తేల్చుకోవచ్చు, సొంత మాటకి ఆ ఆధారం లేదు, పిల్లాడి గీతే ఆధారం.

మళ్ళీ ఫొటో అడగండి, కానీ ఫలానా జవాబు కనపడలేదు అని చెప్పొద్దు. చెప్పారంటే ఆ జవాబు చెరిపేసి మళ్ళీ రాసి, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఒక చెయ్యి వేసి, అప్పుడు తీస్తారు. "పేజీ మొత్తం ఇంకోసారి తీసి పంపండి, అంచులు కనపడాలి" అనండి చాలు.

మంగళగిరి_పద్మ · 2:51

అయ్యో మేమూ అదే చేస్తామండి, మసగ్గా ఉందంటే దిద్ది పంపుతాం 🙈 ఫొటో సరిగ్గా ఎలా తీయాలో కూడా చెప్పండి టీచర్‌గారూ, మా ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీస్తే నా చెయ్యి నీడే పడుద్ది.

తెనాలి_సరిత_టీచర్ · 3:05

పగటిపూట కిటికీ దగ్గర నేల మీద పెట్టి, ఫ్లాష్ ఆపేసి, ఫోను కాగితానికి సరిగ్గా పైన పట్టుకుని నాలుగు మూలలూ పడేలా తీయండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే తీసింది తీసినట్టు వస్తుంది. స్కానర్ యాప్‌లో నలుపు తెలుపు చేసి పంపకండి, పల్చటి పెన్సిల్ గీతలు ఎగిరిపోతాయి, వెనక పేజీ ఇంకు మాత్రం ముందుకొచ్చి కూర్చుంటుంది. ఏ ఒత్తు ముందుదో ఏది వెనకదో తేల్చుకోలేక చచ్చాను ఒకసారి. ఇంకా, పేరా ఉన్న పేజీ కూడా పంపమనండి, ఒక్కో బ్యాచ్‌కి పేరా కొద్దిగా మార్చి ఇచ్చేవాళ్ళకి అది చాలా అవసరం.

సత్తెనపల్లి_రాము · 3:20

ఇన్ని బాధలెందుకండి, వర్క్‌షీట్ మీదే "సొంత మాటల్లో రాయండి" అని పెట్టేస్తే దించినవాళ్ళకి కోత, రాసినవాళ్ళకి మార్కు, అయిపోయె.

బ్రాడీపేట_మాస్టారు · సాయంత్రం 5:45

రాముగారు ఈసారి విషయం మీదికి వచ్చారు, సంతోషం. షీట్ మీద ఆ మాట ఉంటేనే దించినందుకు కోయొచ్చు. సుజాతమ్మ షీట్ మీద ఏముంది? "పేరా చదివి జవాబులు రాయండి" అని ఉంటే పాప చేసింది చెప్పిన పనే, రెండో ప్రశ్నకి ఒక్క మార్కు కూడా తగ్గించే హక్కు మనకి లేదు. నాలుగోదానికి రెండు వాక్యాలు ఎత్తి పెట్టింది కదా, అందులో మొదటిది అడగనిది, చెట్లు కొండల్లో పెరుగుతాయి అన్నది కారణం కాదు. జవాబు ఎక్కడుందో తేలక చుట్టుపక్కలంతా కలిపి ఎత్తేసిందని నా అనుమానం. అయినా రెండో వాక్యంలో జవాబు ఉంది, పక్కన ఉన్నది దానికి విరుద్ధం కాదు, కాబట్టి 2 వేసి మొదటి వాక్యం చుట్టూ సున్న చుట్టి "ఇది అడగలేదు" అని రాయండి.

ఆ పాపకి అర్థమైందో లేదో తెలుసుకోవాలంటే మార్కుతో కాదు, ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. "వేడి చేయకుండా వదిలేస్తే చెక్కలో ఏం మిగిలిపోద్ది రా?" అనండి. అర్థమైన పిల్ల తడి అనో తేమ అనో అంటుంది. అర్థం కానిది మళ్ళీ "తేమ పోయేదాకా" అని ఆ వాక్యమే అప్పజెప్తుంది. ఒక్క ప్రశ్న చాలు, రెండు అడిగితే పరీక్ష అనుకుని బెదురుతారు.

వెంకటూ, నీ మామ కొడుకు బీటలివ్వకుండా అని అంతటితో ఆపితే నేనైతే 1 ఇస్తాను. ఎందుకు 2 కాదు అని నన్ను అడగొద్దు, ఎందుకు సున్నా కాదు అని సరిత అడుగుతుంది, ఇద్దరికీ జవాబు చెప్పే ఓపిక ఈ వయసులో లేదు.

ఇబ్రహీంపట్నం_వెంకట్ · 6:02

😂 ఒకటైనా వచ్చింది మాస్టారూ, వాడికి చెప్తా.

పటమట_సుజాత · రాత్రి 8:50

షీట్ మీద "పేరా చదివి జవాబులు రాయండి" అనే ఉందండి. వచ్చేవారం నుంచి రెండో ప్రశ్న లాంటివాటి పక్కన మాత్రం "మీ మాటల్లో" అని రాస్తా, పేర్లు అడిగేచోట రాయను.

బాబుకి మొదటిది 1, రెండోది 2, మూడోది 2 వేశా. మూడోదాంట్లో "జిగురు" అన్నాడు, మక్కు అనలేదు, కానీ మక్కు అన్న మాట ప్రశ్నలోనే ఉంది కాబట్టి మాస్టారి లెక్క ప్రకారం వదిలేశా. నాలుగోదానికి 1. మొత్తం 6. పాపకి 7. బాబు కాగితం మీద "అయిపోయాయి" కింద గీసి, పేరాలో ఈ సంగతి చెప్పే వాక్యం నువ్వే వెతికి పట్టుకో అని రాశా. వాడు వెతికి పంపిన మెసేజ్ ఇది: "టీచర్ కష్టమవుతుంది అంటే ఇంకా కొంచెం ఉన్నాయి అని". 

వాయిస్ మెసేజ్ పాపకి పెట్టా, ఇంకా జవాబు రాలేదు. అంచు తెగిన ఫొటో మళ్ళీ వచ్చింది, ఈసారి ఎడమవైపు తెగింది.

తెనాలి_సరిత_టీచర్ · 9:04

ఎడమవైపు తెగితే ఫర్లేదు, క్రియ ఉంది కదా 😄 రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చదివేయండి. నాలుగోదానికి నేనైతే ఇప్పటికీ సున్నానే, కాకపోతే ఆ మెసేజ్ చూశాక కొంచెం మెత్తబడ్డా.

గుంటూరు_కిరణ్ · 9:15

మా వాడికి నిన్న దిద్దిన షీట్ మళ్ళీ తీశా. కీలో "వర్షాలు లేక" అని ఉంది, వాడు "వాన పడక" అని రాస్తే కొట్టేసి ఉంది నా పెన్నుతో. మార్కు ఇచ్చేశాలెండి. కానీ అదే షీట్‌లో "వాగు దాటి" అని ఉన్నదాన్ని వాడు "నది దాటి" అని రాశాడు, దీనికి ఇవ్వాలా వద్దా? మాస్టారు నిద్రపోకముందు చెప్తే బాగుండు.

బ్రాడీపేట_మాస్టారు · 9:21

ఎలా వెళ్ళారు అని అడిగితే ఇవ్వు. ఏది దాటారు అని అడిగితే ఇవ్వకు. ప్రశ్న ఏంటో చెప్పకుండా జవాబు అడుగుతావేంటయ్యా.